టైమ్‌గ్రాఫర్ చీటీలో మొదటి అంకెను చివర్లో చూడండి

మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి ఫోన్‌కి ఒక ఫోటో పంపాడు. వాచీ నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ అనే చిన్న డబ్బా లాంటి మెషిన్, దాని తెరమీద రెండు గీతలు, పైన నాలుగైదు అంకెలు. వెనకాలే ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్ సీకో ఫైవ్. రోజుకి మూడు సెకన్లే తేడా అంట. కొత్త వాచీలకే అంత రాదంట కదా. అడ్వాన్స్ పంపెయ్యనా?"

"ఆగరా, ముందు ఫోటో సరిగ్గా చూడనీ" అన్నాను.

తెరమీద ఉన్నది ఇది:

```
+003 s/d   268°   0.3 ms   21600   52
```

అతనికి మొదటి అంకె ఒక్కటే కనిపించింది. అమ్మే మనిషి చూపించిందీ అదే. కానీ పాత వాచీ కొనేటప్పుడు ఆ వరసలో అన్నిటికంటే తక్కువ సమాచారం ఇచ్చేది ఆ మొదటి అంకే. ఎందుకో తెలియాలంటే మెషిన్ అసలు ఏం వింటోందో తెలియాలి.

టైమ్‌గ్రాఫర్ వాచీ లోపలికి చూడదు, చప్పుడు మాత్రమే వింటుంది. వాచీని ఒక స్టాండులో బిగిస్తారు, ఆ స్టాండులో మైకు ఉంటుంది. సీకో ఫైవ్‌లో చాలాకాలం వాడిన 7S26 అనే యంత్రం గంటకి 21,600 సార్లు టిక్కుమంటుంది, అంటే సెకనుకి ఆరు. రెండు టిక్కుల మధ్య దాదాపు 167 మిల్లీసెకన్లు ఉండాలి. మెషిన్ తన క్వార్ట్జ్ గడియారంతో పోల్చి, ఈ టిక్కు ఎంత ముందొచ్చింది, ఎంత వెనకొచ్చింది అని లెక్కేస్తుంది. ఆ తేడాను ఒక రోజుకి పెంచి చెప్పేదే రేటు. తెరమీద గీత కుడివైపు పోతూ పైకి లేస్తే వాచీ తొందరపడుతోంది, కిందికి దిగితే వెనకబడుతోంది. ఇప్పుడంటే తెర ఉంది గానీ, 1930లలో వచ్చిన వాచ్‌మాస్టర్ లాంటి మెషిన్లు టిక్కు వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక చుక్క గుద్దేవి. ఆ చుక్కల వరస ఎటు వాలుతుందో చూసి మెకానిక్ రేటు చెప్పేవాడు. ఇప్పటి తెరమీద గీతలు ఆ కాగితానికి వారసులే.

రేటుతో చిక్కేమిటంటే, దాన్ని మార్చడానికి వాచీ బాగుండాల్సిన పని లేదు. వెనక మూత తీస్తే, అటూ ఇటూ ఊగుతూ టిక్కులు నడిపే బ్యాలెన్స్ చక్రం పైన ఒక చిన్న మీట కనిపిస్తుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే, చక్రాన్ని మళ్ళీ మధ్యకి లాగే హెయిర్‌స్ప్రింగ్ పనిచేసే పొడవు మారి, రోజుకి నలభై సెకన్లు వెనకబడే వాచీ ప్లస్ మూడుకి వస్తుంది. రెండు నిమిషాల పని. లోపల నూనె ఎండిపోయినా, ఇరుసులు అరిగిపోయినా, ఒక స్థితిలో రేటుని సున్నాకి తేవడం కుదురుతుంది. అందుకే ప్లస్ మూడు అని చూపిస్తే అది వాచీ ఆరోగ్యం అనుకోకూడదు. ఎవరో ఈమధ్యే మీటని జరిపారని మాత్రం అనుకోవచ్చు.

అలా మీటతో సర్దలేని అంకె యాంప్లిట్యూడ్, ఆ వరసలో డిగ్రీల్లో ఉన్న 268. అసలు సంగతి అక్కడుంది.

పిల్లల ఊయలని గుర్తు తెచ్చుకోండి. గట్టిగా తోస్తే ఊయల చాలా దూరం పోయి వస్తుంది, తాడు కొక్కెం దగ్గర తుప్పు పట్టి ఉంటే అదే తోపుకి తక్కువ దూరం పోతుంది. బ్యాలెన్స్ చక్రం కూడా అంతే. మధ్య నుంచి ఒక వైపు అది ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో అదే యాంప్లిట్యూడ్. మెయిన్ స్ప్రింగ్‌లో ఉన్న శక్తి పళ్ళ చక్రాల మీదుగా వచ్చి, దారిలో రాపిడికి పోగా మిగిలింది చక్రానికి అందుతుంది. కాబట్టి ఈ ఒక్క అంకెలో స్ప్రింగ్ బలం, నూనె పరిస్థితి, ఇరుసుల అరుగుదల అన్నీ కలిసి కనిపిస్తాయి. నిండా కీ ఇచ్చి, వాచీని వెల్లకిలా పడుకోబెడితే ఆరోగ్యంగా ఉన్న వాచీ మామూలుగా 260 నుంచి 310 మధ్య చూపిస్తుంది. 7S26 స్వభావం కొంచెం నెమ్మది, దానికి 250 దాటితే నేను సంతోషిస్తాను. 330 దాటిందంటే మాత్రం అది ఆరోగ్యం కాదు. చక్రం మరీ ఎక్కువ తిరిగి, దాని కింద ఉండే చిన్న రాయి వెనక నుంచి వచ్చి, పళ్ళ చక్రాల తోపుని దానికి అందించే ఫోర్కుని గుద్దుకునే ప్రమాదం దగ్గర్లో ఉంది. నిజంగా గుద్దుకుంటుంటే గీతలు చెల్లాచెదురై, రేటు ఒక్కసారిగా వందల సెకన్లు పైకి పోతుంది.

మరి చప్పుడు మాత్రమే వినే మెషిన్‌కి చక్రం ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఎలా తెలుస్తుంది? ఇది తెలిస్తే చీటీలో ఎక్కడ మోసపోతామో కూడా తెలుస్తుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

మనకి ఒక్క టిక్కుగా వినిపించేది నిజానికి మూడు నాలుగు చప్పుళ్ళ గుంపు. చక్రం కిందున్న రాయి వచ్చి ఫోర్కుని తాకడం మొదటి చప్పుడు. ఫోర్కుని తోసే ఎస్కేప్ వీల్ పన్ను జారి ఫోర్కుకున్న అవతలి రాయి మీద పడి, ఫోర్కు పక్కగోడకి ఆనడం చివరి చప్పుడు. ఈ రెంటి మధ్య చక్రం ఎంత కోణం తిరుగుతుందనేది ఆ యంత్రాన్ని తయారుచేసినప్పుడే ఖాయమైపోయింది. దాన్నే లిఫ్ట్ యాంగిల్ అంటారు. 7S26కి అది 53 డిగ్రీలు. వేగంగా తిరిగే చక్రం ఆ 53 డిగ్రీలని త్వరగా దాటుతుంది, నీరసంగా ఉన్నది ఆలస్యంగా దాటుతుంది. మెషిన్ కొలిచేది ఆ సమయాన్నే. యాంప్లిట్యూడ్ 266 ఉన్నప్పుడు మొదటి చప్పుడుకీ చివరి చప్పుడుకీ మధ్య 10.6 మిల్లీసెకన్లు పడుతుంది. 181కి పడిపోతే 15.6 పడుతుంది. ఈ అయిదు మిల్లీసెకన్ల తేడాలోనే వాచీ బాగోగులు తెలిసిపోతాయి.

అంటే యాంప్లిట్యూడ్ నేరుగా కొలిచిన అంకె కాదు, లెక్కకట్టిన అంకె. ఆ లెక్కలో లిఫ్ట్ యాంగిల్ ఎంత అనేది మెషిన్‌కి మనిషే చెప్పాలి. చెప్పకపోతే మామూలుగా 52 పెట్టుకుని ఉంటుంది. మా తమ్ముడు పంపిన ఫోటోలో చివర ఉన్న 52 అదే. ఈ వాచీకి 53 కాబట్టి పెద్ద తేడా రాదు, నిజానికి అయిదు డిగ్రీలు తక్కువే చూపిస్తుంది. కానీ అదే 53 డిగ్రీల వాచీని 60 పెట్టి కొలిస్తే 266 కాస్తా 301 అయిపోతుంది. ఒమేగా వారి కో-యాక్సియల్ యంత్రాలకి లిఫ్ట్ యాంగిల్ 38. వాటిని 52 మీదే వదిలేసి కొలిస్తే, 200తో కుంటుతున్న వాచీ కూడా 274 అని చూపిస్తుంది. ఎవరూ కావాలని మోసం చేయక్కర్లేదు, సెట్టింగ్ మార్చడం మర్చిపోతే చాలు. అందుకని చీటీ గానీ ఫోటో గానీ అడిగేటప్పుడు అంకెలతో పాటు ఆ సెట్టింగ్ కూడా కనిపించాలని అడగండి. మీరు కొనే వాచీ లోపలి యంత్రం పేరు తెలుసుకుని, దాని లిఫ్ట్ యాంగిల్ చూసుకోండి. బాగా వాడుకలో ఉన్న ఈటీఏ 2824-2కి 50. ఫోటోలో ఆ అంకె కత్తిరించేసి ఉంటే యాంప్లిట్యూడ్ అంకెని నమ్మడానికి లేదు.

ఇంకో చిన్న సంగతి. మైకు సౌండ్ మరీ తక్కువగా పెడితే మెషిన్ మొదటి చప్పుడు వదిలేసి రెండోదాన్ని పట్టుకోవచ్చు. అప్పుడు సమయం తక్కువ కనిపించి యాంప్లిట్యూడ్ విపరీతంగా పెరుగుతుంది. అనుమానం వస్తే వెనక మూత తీయించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయమనండి. చక్రం ఒక చివర ఆగి వెనక్కి తిరిగిన చోటు, రెండో చివర ఆగిన చోటు ఒకటే అయితే అది సరిగ్గా 180 డిగ్రీలు. చక్రానికి ఉన్న ఒక చువ్వ మీద దృష్టి పెడితే ఇది తెలుస్తుంది. ఆ చోటు దాటి ఇంకా ఎంత పోతోందో చూస్తే, తెరమీది అంకె నిజమో కాదో కంటితోనే ఒక అంచనాకి రావచ్చు.

సరే, మా తమ్ముడి ఫోటోలో సెట్టింగ్ దాదాపు సరిగ్గానే ఉంది, 268 కూడా మంచి అంకే. ఇక కొనేయొచ్చు కదా? లేదు. ఆ ఫోటో ఏ స్థితిలో తీసిందో చెప్పలేదు. చెప్పకపోతే అది వెల్లకిలా, డయల్ పైకి పెట్టి తీసిందే అనుకోవాలి, ఎందుకంటే ఏ వాచీ అయినా అందంగా కనిపించేది అప్పుడే.

కారణం ఇరుసులో ఉంది. వాచీ పడుకుని ఉన్నప్పుడు బ్యాలెన్స్ చక్రం మొత్తం బరువు ఇరుసు కొన మీద ఉంటుంది. గుండ్రటి సన్నటి కొన, నున్నటి రాయి మీద బొంగరంలా తిరుగుతుంది, రాపిడి చాలా తక్కువ. వాచీని నిలబెడితే ఇరుసు పక్కభాగం రాయి రంధ్రం గోడకి ఆనుకుని తిరగాలి. రాపిడి పెరుగుతుంది, యాంప్లిట్యూడ్ పడుతుంది. మంచి వాచీలో ఈ పతనం ఇరవై నుంచి నలభై డిగ్రీలు ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే అక్కడ నూనె ఎండిపోయి ఉండాలి, లేదా మురికి చేరి ఉండాలి, లేదా ఇరుసే అరిగి ఉండాలి. మన చేతి మీద వాచీ ఎక్కువసేపు వెల్లకిలా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. బండి నడిపేటప్పుడు, నడిచేటప్పుడు, కూర్చుని మాట్లాడేటప్పుడు అది ఏదో ఒక పక్కకి నిలబడే ఉంటుంది.

"అయిదు స్థితుల్లో చూపించమను, లేదా మనమే కొలుచుకుంటామను" అని చెప్పాను. అమ్మే మనిషి రెండోదానికి ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం వాచీ మా ఇంటికి వచ్చింది. 7S26కి చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, చేతి కదలికతోనే చుట్టుకుంటుంది. కొలిచే ముందు దాన్ని ఊపుతూ నిండా చుట్టుకోనివ్వాలి. రెండు మూడు ఊపులు ఊపి స్టాండులో పెడితే యాంప్లిట్యూడ్ అన్యాయంగా తక్కువ వస్తుంది, అమ్మేవాడికి అన్యాయం చేసినట్టు అవుతుంది. తమ్ముడు పొద్దున్నుంచీ చేతికి పెట్టుకుని తిరిగాడు, కొలిచే ముందు ఇంకో పది నిమిషాలు ఊపాడు. లిఫ్ట్ యాంగిల్ 53 పెట్టి, ప్రతి స్థితిలోనూ అర నిమిషం కుదురుకోనిచ్చి, తర్వాతే అంకె రాసుకున్నాం:

```
CH     +4 s/d   266°   0.3 ms
FH     +9 s/d   261°   0.3 ms
9H    -13 s/d   192°   0.4 ms
3H    +12 s/d   195°   0.4 ms
12H   -24 s/d   181°   0.5 ms
D      36
```

ఈ గుర్తులు ఫ్రెంచి నుంచి వచ్చాయి. పెద్ద మెషిన్ల చీటీల్లో ఇవే కనిపిస్తాయి. H అంటే పైకి అని. CH అంటే డయల్ పైకి, FH అంటే వెనక మూత పైకి. 9H అంటే తొమ్మిది అంకె పైకి, 3H అంటే మూడు అంకె పైకి, అలాగే 12H. D అనేది అన్ని స్థితుల్లోనూ అత్యధిక రేటుకీ అత్యల్ప రేటుకీ మధ్య తేడా. ఇక్కడ ప్లస్ పన్నెండు నుంచి మైనస్ ఇరవై నాలుగుకి, అంటే 36 సెకన్లు.

మొదటి వరస చూడండి. ప్లస్ నాలుగు, 266. అమ్మే మనిషి చెప్పినదానికి దాదాపు అదే. అతను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. కానీ నిలబెట్టగానే యాంప్లిట్యూడ్ డెబ్బై డిగ్రీలు పడిపోయింది, 12H దగ్గర 85. పడుకోబెట్టిన రెండు వరసలూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. ఇది శుభవార్తే. CHకీ FHకీ మధ్య పెద్ద తేడా వచ్చి ఉంటే ఇరుసు రెండు కొనల్లో ఒకటి దెబ్బతిందని అనుమానించాలి, అది ఖర్చైన రోగం. ఇక్కడ కొనలు బాగున్నాయి, పక్కభాగం దగ్గర రాపిడి ఉంది. ఎక్కువగా ఇది ఎండిన నూనె లక్షణం. శుభ్రం చేసి నూనె వేస్తే చాలా వరకు తిరిగొస్తుంది.

ఇప్పుడు 9H, 3H రేట్లు చూడండి. ఒకటి మైనస్ పదమూడు, ఇంకోటి ప్లస్ పన్నెండు. ఎదురెదురు స్థితుల్లో రేటు ఇలా అటూ ఇటూ విడిపోతే సాధారణంగా బ్యాలెన్స్ చక్రం బరువు ఒక పక్కకి కొంచెం ఎక్కువ ఉందని అర్థం. ఎద్దుబండి చక్రానికి ఒక పక్క మట్టి అంటుకుంటే ఎలా తిరుగుతుందో అలా. పడుకోబెట్టినప్పుడు ఈ దోషం కనిపించదు, నిలబెట్టినప్పుడే బయటపడుతుంది. దీని గురించి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటుంది. యాంప్లిట్యూడ్ 220 డిగ్రీల దగ్గర ఈ దోషం రేటులో కనిపించకుండా పోతుంది. 220కి పైన ఒక వైపుకి, కింద దానికి వ్యతిరేక వైపుకి లాగుతుంది. కాబట్టి నీరసపడిన వాచీ ఏ మధ్యాహ్నమో 220 దగ్గర ఉన్నప్పుడు తీసిన చీటీలో అన్ని స్థితులూ ఒకేలా ఉండి, బంగారంలాంటి వాచీ అనిపించవచ్చు. అందుకే D చిన్నగా ఉంటే పొంగిపోకుండా, పక్కనే యాంప్లిట్యూడ్ ఎంతుందో కూడా చూడాలి.

ఇక మిల్లీసెకన్లలో ఉన్న అంకె, అంటే బీట్ ఎర్రర్ సంగతి. ఇంట్లో పాత గోడ గడియారం ఉంటే, దాన్ని కొంచెం వంకరగా తగిలించి చూడండి. టిక్, టాక్ సమానంగా రాకుండా ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా వస్తుంది. లోలకం ఆగి నిలబడే చోటు మధ్యలో లేకపోవడమే కారణం. చేతి వాచీలో కూడా అదే. హెయిర్‌స్ప్రింగ్ ఊరికే ఉన్నప్పుడు చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలపకపోతే టిక్కుకీ టాక్కుకీ మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా వస్తుంది. తెరమీద రెండు గీతలు విడివిడిగా కనిపించేది అందుకే. సున్నా అయితే రెండూ కలిసిపోయి ఒకటే గీత అవుతుంది. 0.6 లోపు ఉంటే దాని గురించి ఆలోచించక్కర్లేదు. 7S26 లాంటి యంత్రాల్లో రేటు మీట పక్కనే రెండో మీట ఉంటుంది, దాన్ని జరిపి సరిచేయొచ్చు. పాతతరం వాచీల్లో చాలావాటికి ఆ రెండో మీట ఉండదు. చక్రాన్ని బయటికి తీసి, స్ప్రింగ్‌ని ఇరుసు మీద తిప్పాలి. అది ప్రమాదమున్న పని. అందువల్ల యాభై ఏళ్ళ వాచీలో 1.5 కనిపించినా, యాంప్లిట్యూడ్ బాగుంటే నేను వెనక్కి తగ్గను. మెకానిక్ దాన్ని కదపకుండా వదిలేయడమే మంచిదైందేమో.

కానీ రెండు చోట్ల మాత్రం ఈ అంకెని గట్టిగా పట్టించుకుంటాను. రెండు మీటలున్న ఆధునిక యంత్రంలో రెండో మూడో మిల్లీసెకన్లు ఉంటే, రేటు మీట కోసం తడుముతూ ఎవరో చేతకాని చేతులు రెండో మీటని కూడా కదిపాయని అనుమానం. అలాంటి చేతులు హెయిర్‌స్ప్రింగ్‌ని కూడా తాకి ఉండొచ్చు. రెండోది, స్థితి మార్చినప్పుడల్లా బీట్ ఎర్రర్ బాగా మారిపోతుంటే స్ప్రింగ్ వంగిందనో ఇరుసు వదులైందనో భయం. మా వాచీలో 0.3 నుంచి 0.5కి పెరిగింది. అది భయపడాల్సింది కాదు. చక్రం నెమ్మదిగా తిరిగితే అదే చిన్న వంకరని దాటడానికి ఎక్కువ సమయం పడుతుంది, అంకె కాస్త పెరుగుతుంది, అంతే.

అంకెలు రాసుకున్నాక గీతల వంక కూడా ఒకసారి చూడాలి. మావి నిలబెట్టినప్పుడు కూడా సన్నగా, సమాంతరంగానే వచ్చాయి. గీత అలలా మెలికలు తిరుగుతూ ఒకే లయలో పునరావృతం అవుతుంటే పళ్ళ చక్రాల్లో ఏదో ఒకదానికి దోషం ఉంది. ఎన్ని సెకన్లకొకసారి అల వస్తుందో లెక్కపెడితే ఏ చక్రమో కూడా చెప్పొచ్చు. సెకన్ల ముల్లు చక్రం అయితే నిమిషానికొకసారి వస్తుంది. చుక్కలు మంచు కురిసినట్టు చెదిరిపోతుంటే మురికి కావచ్చు, లేదా మైకు సరిగ్గా ఆనకపోయి ఉండొచ్చు. వాచీని తీసి మళ్ళీ బిగించి చూడకుండా తీర్పు చెప్పకూడదు. యాంప్లిట్యూడ్ బాగానే ఉండి రేటు మాత్రం నిమిషాల్లో ముందుకి పరిగెడుతుంటే మొదట అయస్కాంతాన్ని అనుమానించండి. స్పీకర్ పక్కనో, ఫోన్ కవర్ అయస్కాంతం మీదో పెట్టిన వాచీలో హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పొడవు తగ్గినట్టై వాచీ పరిగెడుతుంది. మామూలు దిక్సూచిని వాచీ మీద పట్టుకుంటే ముల్లు ఊగుతుంది. మెకానిక్ దగ్గర ఐదు నిమిషాల్లో పోయే జబ్బు ఇది. దీన్ని పెద్ద లోపంగా చూపించి అమ్మేవాడు ధర తగ్గిస్తే కొనేవాడికి లాభమే.

ఆ ఆదివారం సాయంత్రం వాచీని కదపకుండా బల్లమీద పెట్టేసి, మర్నాడు సాయంత్రం, అంటే 24 గంటల తర్వాత మళ్ళీ కొలిచాం. వీలైతే ఈ పరీక్ష తప్పకుండా చేయాలి, ఎవరూ ఫోటోలో పంపనిది ఇదే. డయల్ పైకి పెడితే 214, 12H దగ్గర 148. నిండా చుట్టుకుంటే 40 గంటలకు పైగా నడవాల్సిన వాచీ సగం దారిలోనే ఇలా నీరసపడింది. 150 దగ్గరికి వచ్చాక రేటు అంకెకి అర్థం ఉండదు. ఆఫీసు బల్ల ముందు కదలకుండా కూర్చునే మనిషి చేతిలో ఈ వాచీ రోజులో ఎక్కువ భాగం ఇలాగే నడుస్తుంది.

ఈ 24 గంటల పరీక్ష ఇంకో మాయని కూడా పట్టిస్తుంది. పాత వాచీని విప్పకుండానే పెట్రోల్‌లో ముంచి తీసి, పైపైన నూనె చుక్కలు వేసి "సర్వీస్ చేయించాం" అని అమ్మేవాళ్ళున్నారు. అరిగిన యంత్రానికి మోతాదుకి మించిన గట్టి మెయిన్ స్ప్రింగ్ వేసేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ నిండా చుట్టిన వెంటనే తీసే చీటీని అందంగా చేస్తాయి. మొదటిది కొన్ని వారాల్లో బయటపడుతుంది, అప్పటికి వాచీ మీదైపోయి ఉంటుంది. కానీ పడుకోబెట్టిన అంకెకీ, మర్నాడు నిలబెట్టిన అంకెకీ మధ్య దూరం పెరిగితే లోపల అరుగుదల ఉందని ముందే కొంత పసిగట్టొచ్చు.

చీటీ అస్సలు చెప్పలేనివి కూడా ఉన్నాయి. డయల్ అసలైనదా రంగు వేసిందా, మూత లోపల తుప్పుందా, నీళ్ళు దూరాయా, తేదీ సరిగ్గా మారుతుందా, చేయి ఊపితే నిజంగా చుట్టుకుంటోందా, ఇవేవీ చప్పుడులో వినిపించవు. మన దగ్గర ఇది హెచ్‌ఎంటీల విషయంలో ఎక్కువ. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల విభాగాన్ని 2016లో మూసేయాలని నిర్ణయించాక, నాన్నగారి చేతి మీద చూసిన జనతా కోసం వెతికేవాళ్ళు పెరిగారు. రకరకాల రంగుల డయళ్ళు వేసి, నాలుగు వాచీల భాగాలు కలిపిన జనతాలూ అమ్మకానికి వస్తున్నాయి. 18,000 కొట్టుకునే ఆ యంత్రం గట్టిది, మంచి మెకానిక్ చేతిలో 260 చూపించగలదు. అయినా ఆ 260కి, మీరు కొంటున్నది నిజమైన జనతా అనడానికి సంబంధం లేదు. దాన్ని కళ్ళతోనే చూసుకోవాలి.

మా తమ్ముడి వాచీ సంగతికొస్తే, అంకెలు రాసిన కాగితం ఫోటో తీసి అమ్మే మనిషికి పంపాం. "సార్, వాచీ మంచిదే, కానీ సర్వీస్ కావాలి. ఆ ఖర్చు తగ్గించుకుని ఇస్తారా?" అని అడిగాడు తమ్ముడు. 8,500 అడిగిన ఆయన బేరం లేకుండా 6,000కి ఒప్పుకున్నాడు. నిలబెట్టి ఎప్పుడూ కొలవలేదని ఆయనే అన్నాడు. నేను నమ్మాను. చాలామంది కొలవరు.

కోఠిలో నాకు తెలిసిన మెకానిక్ వాచీ మొత్తం విప్పి, కడిగి, నూనె వేసి 2,400 తీసుకున్నాడు. ఇరుసులు అరగలేదని, బ్యాలెన్స్ కొనల దగ్గరి రాళ్ళలో నూనె గోధుమరంగు జిగురైపోయిందని భూతద్దంలో చూపించాడు. తెచ్చాక మళ్ళీ అదే స్టాండులో, అదే 53 మీద పెట్టి కొలిచాం. డయల్ పైకి 272, 9H, 3H రెండూ 240 దగ్గర, 12H 234. D పదిహేనుకి వచ్చింది. రేట్లు చూస్తే, ఇదివరకు మైనస్ పదమూడు ఉన్న 9H ప్లస్ ఏడు, ప్లస్ పన్నెండు ఉన్న 3H మైనస్ అయిదు అయ్యాయి. యాంప్లిట్యూడ్ 220 దాటి పైకి పోయింది కదా, ఆ పక్క బరువు దోషం వైపు మార్చుకుంది. మెకానిక్ దాన్ని ముట్టుకోలేదు, 7S26కి అంత పని అక్కర్లేదన్నాడు. తమ్ముడు మాత్రం ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. డయల్ పైకి రేటు ఇప్పుడు ప్లస్ ఎనిమిది. కొనేముందు ఉన్నదానికంటే ఎక్కువ, అతను దాని ఊసే ఎత్తలేదు.